పరిశోధన ఫలితాన్ని క్యాప్షన్‌గా మార్చడం: 'రోగులకు', 'రోగులకే' మధ్య తేడా

ప్రశ్న: నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. మా విభాగం పబ్లిక్ పేజీలో మా పత్రాల ఫలితాలను మామూలు జనానికి అర్థమయ్యేలా రెండు మూడు వాక్యాల క్యాప్షన్‌గా రాసే పని నాకు అప్పగించారు. సులువుగా రాస్తే గైడ్ గారు తప్పు అంటున్నారు. ఆయన చెప్పినట్టు రాస్తే ఎవరికీ అర్థం కావడం లేదు. అసలు ఎలా రాయాలి?

సమాధానం:

పత్రం మొదట ఉండే సారాంశం నుంచి గానీ, చివర ఉండే ముగింపు పేరా నుంచి గానీ క్యాప్షన్ రాయకండి. ఫలితాల పట్టిక తెరిచి, ప్రధాన ఫలితం ఉన్న వరుసను ఒక కాగితం మీద దించుకుని, ఆ వరుసనే వాక్యంగా మార్చండి. ఆ వాక్యంలో ఫలితం ఎవరిలో కనిపించిందో మొదట రావాలి, వారిని ఎవరితో పోల్చారో తర్వాత రావాలి, తేడా ఎంతన్నది వంద మందిలో ఎందరు అన్న లెక్కలో రావాలి. ఫలితం ఎవరికి వర్తించదో కూడా మొదటి వాక్యంలోనే ఉండాలి, రెండో వాక్యానికి వాయిదా వేయకూడదు. మీ గైడ్ గారు తప్పు అంటున్నది చాలావరకు ఈ హద్దులు జారిపోవడాన్నే అయి ఉంటుంది. హద్దులు నిలబెట్టి రాస్తే భాష ఎంత సులువుగా ఉన్నా ఆయన అభ్యంతరం చెప్పరని నా అనుభవం.

నేను ఒక వైద్య విశ్వవిద్యాలయంలో జీవగణాంక శాస్త్రం చెబుతాను. పన్నెండేళ్లుగా మా విభాగం పేజీకి వచ్చే క్యాప్షన్లను సరిచూసే పని కూడా నాదే. ఈ పని కొత్తగా చేపట్టే పరిశోధక విద్యార్థులకు మొదట వారి సొంత పత్రం ఇవ్వను. మూడేళ్లు కష్టపడి చేసిన పనిలో ఏ వివరాన్ని వదలాలన్నా మనసొప్పదు. అందుకని అందరికీ నేపథ్యం తెలిసిన ఒక పత్రం ఇచ్చి, దానికి క్యాప్షన్ రాయమంటాను. మీకూ దానితోనే చెబుతాను.

అది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు గురించి వచ్చిన పత్రం. కోవిడ్‌తో బ్రిటన్ ఆసుపత్రుల్లో చేరినవారిని చీటీ తీసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపులోని 2,104 మందికి మామూలు చికిత్సతో పాటు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్‌ను గరిష్ఠంగా 10 రోజుల పాటు ఇవ్వాలని నిర్ణయించారు. మరో గుంపులోని 4,321 మందికి మామూలు చికిత్స మాత్రమే. 28 రోజుల లోపు ఎవరెవరు మరణించారన్నది వారు చూసిన ప్రధాన ఫలితం. ఈ పత్రం 2020 జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది.

పట్టికలోని వరుసలు ఇలా ఉన్నాయి. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టినవారిలో మామూలు చికిత్స గుంపున 683 మందిలో 283 మంది, అంటే 41.4 శాతం మరణించారు. డెక్సామెథాసోన్ గుంపున 324 మందిలో 95 మంది, అంటే 29.3 శాతం మరణించారు. వెంటిలేటర్ లేకుండా ఆక్సిజన్ పెట్టినవారిలో ఈ అంకెలు 26.2 శాతం, 23.3 శాతం. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మామూలు చికిత్స గుంపున 14.0 శాతం, డెక్సామెథాసోన్ గుంపున 17.8 శాతం.

ఈ పట్టిక చూపించి రాయమన్నప్పుడు నా దగ్గరికి వచ్చే మొదటి చిత్తుప్రతి దాదాపు ప్రతిసారీ ఇలాగే ఉంటుంది:

"చవకగా దొరికే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ కోవిడ్ మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని పరిశోధనలో తేలింది."

చదవడానికి హాయిగా ఉంటుంది. పత్రం రాసినవారు చూస్తే మాత్రం ఒప్పుకోరు. ఇందులో మూడు చోట్ల హద్దులు జారిపోయాయి, మూడూ తెలుగు వాక్యంలో చాలా చిన్న చోట్ల జారాయి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా దగ్గరగా చూద్దాం.

మొదటిది 'కోవిడ్ మరణాలను' అన్న మాట. ఇలా అంటే కోవిడ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ మందు పనిచేస్తుందని అర్థం. పట్టికలో మూడో వరుస ఈ మాటను ఒప్పుకోవడం లేదు. ఇంట్లో జ్వరంతో, దగ్గుతో ఉన్నవారు అసలు ఈ ట్రయల్‌లోనే లేరు, ఎందుకంటే ఇది ఆసుపత్రిలో చేరినవారి మీద చేసిన పరిశీలన. ఆసుపత్రిలో చేరినా ఆక్సిజన్ అవసరపడనివారికి మేలు కనిపించలేదు. ఈ హద్దును తెలుగులో ఒక్క అక్షరం మోయగలదు. 'ఆక్సిజన్ గానీ వెంటిలేటర్ గానీ అవసరమైన రోగులకు మేలు చేసింది' అంటే మిగతావారి గురించి ఏమీ చెప్పనట్టు. 'రోగులకే మేలు చేసింది' అంటే మిగతావారికి చేయలేదని చెప్పినట్టు. ఆ 'కే' అన్న అక్షరంలోనే పట్టికలోని మూడో వరుస మొత్తం ఉంది.

అయితే ఒక్క అక్షరం మీద అంత బరువు పెట్టి వదిలేయకూడదు. క్యాప్షన్‌ను పోస్టర్‌గా దించేవారు, మళ్లీ టైపు చేసేవారు, ఫోన్‌లో చదివి ఇంకొకరికి చెప్పేవారు ఆ 'కే'ను సులువుగా 'కు' చేసేస్తారు. కాబట్టి దాని పక్కనే, అదే వాక్యంలో, 'అవి అవసరం లేనివారికి మేలు కనిపించలేదు' అని విడమరిచి రాయాలి.

అదే వాక్యంలో అని పట్టుబట్టడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట మేం పేజీలో పెట్టిన ఒక క్యాప్షన్‌లో మొదటి వాక్యం ఒక మొక్క నుంచి తీసిన సారం చక్కెర స్థాయిని తగ్గించిందని చెప్పింది. ఇది ఎలుకల మీద చేసిన ప్రయోగమని రెండో వాక్యం చెప్పింది. ఎవరో మొదటి వాక్యాన్ని మాత్రమే కత్తిరించి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. రెండు మూడు వారాల పాటు ఆ సారం ఎక్కడ దొరుకుతుందని విభాగానికి ఫోన్లు వచ్చాయి. ఫోన్ చేసినవారిలో ఒకావిడ తన భర్తకు మాత్రలు ఆపేసి దీన్ని మొదలుపెట్టవచ్చా అని అడిగారు. ఆ రోజు నుంచి 'ఎలుకలలో' అన్న మాట వాక్యం మొదటి పదం కాకపోతే ఆ క్యాప్షన్‌ను నేను పైకి పంపడం లేదు. అదృష్టవశాత్తూ తెలుగు వాక్యం దీనికి అనువుగానే ఉంటుంది. క్రియ చివర వస్తుంది కాబట్టి ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితిలో అన్నవన్నీ సహజంగా ముందే వస్తాయి. వాటిని తీసుకెళ్లి చివర తగిలిస్తేనే వాక్యం కృతకంగా ఉంటుంది.

రెండోది 'మూడోవంతు తగ్గిస్తుంది' అన్న మాట. ఈ పాఠాన్ని నాకు మా గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పెద్దాయన నేర్పారు. క్యాప్షన్ పైకి వెళ్లే ముందు విభాగంతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపించడం నా అలవాటు. ఈ పెద్దాయనకు ఓపిక ఎక్కువ, మొహమాటం తక్కువ. విద్యార్థి రాసిన చిత్తుప్రతిని వినిపించి ఏం అర్థమైందని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే వంద మంది పోయేచోట ముప్పై ముగ్గురే పోతారన్నమాట, చాలా గొప్ప మందండీ" అన్నారు. మూడోవంతు తగ్గింది అంటే మూడింట రెండు వంతులు మిగిలాయని అర్థం. ఆయనకు అది మూడోవంతుకు తగ్గింది అని వినిపించింది. 'కు' ఉంటే ఒక అర్థం, లేకపోతే దానికి దాదాపు తలకిందుల అర్థం. ఆయన సరిగ్గా వినలేదని అనలేం, ఎందుకంటే ఆ తర్వాత నేను అడిగి చూసినవారిలో చాలామంది, చదువుకున్నవారు కూడా, అదే పొరపాటు చేశారు. అందుకని 'సగం', 'మూడోవంతు', 'రెట్లు' అన్న మాటలు క్యాప్షన్‌లో వాడటం మానేశాను.

వాటి బదులు పట్టికలోని అంకెలనే వంద మంది లెక్కలో పక్కపక్కన పెడతాను. వెంటిలేటర్ పెట్టినవారిలో మామూలు చికిత్స పొందిన ప్రతి 100 మందిలో 41 మంది మరణిస్తే, డెక్సామెథాసోన్ కూడా పొందిన ప్రతి 100 మందిలో 29 మంది మరణించారు. ఇది విన్నాక పెద్దాయన, "అయితే వందకు పన్నెండు మంది బతికారు" అన్నారు. లెక్క ఆయనే వేసుకున్నారు, సరిగ్గా వేసుకున్నారు. క్యాప్షన్ చదివేవారికి కావలసింది అదే.

వంద మంది లెక్కకు ఇంకో మేలు కూడా ఉంది. ఆక్సిజన్ పెట్టినవారిలో ఫలితాన్ని చాలాచోట్ల 'ఐదోవంతు తగ్గుదల' అని రాశారు. అది వింటే మూడోవంతుకూ ఐదోవంతుకూ పెద్ద తేడా లేదనిపిస్తుంది. వంద మంది లెక్కలో చూస్తే తగ్గిన మరణాలు వెంటిలేటర్ పెట్టినవారిలో పన్నెండు, ఆక్సిజన్ పెట్టినవారిలో మూడు. 26 మంది మరణించేచోట 23 మంది. ముగ్గురు మనుషుల ప్రాణం చిన్న విషయం కాదు, కానీ పన్నెండుకూ మూడుకూ ఉన్న దూరం చదివేవారికి కనిపించాలి. వంతులు ఆ దూరాన్ని దాచేస్తాయి.

ఇక్కడ మీ గైడ్ గారు ఒక మాట అడగవచ్చు. 41లో 12 తగ్గితే అది 29 శాతం తగ్గుదల అవుతుంది, పత్రంలో రెండు గుంపుల మరణాల నిష్పత్తి 0.64 అని ఉంది కదా, అంటే 36 శాతం తగ్గుదల, ఈ రెండూ ఎందుకు కలవడం లేదు అని. న్యాయమైన ప్రశ్నే. డెక్సామెథాసోన్ గుంపుకు వచ్చినవారి సగటు వయసు మరో గుంపు కంటే ఒక ఏడాది పైచిలుకు ఎక్కువగా ఉంది. కోవిడ్‌లో వయసు పెరిగేకొద్దీ మరణించే ప్రమాదం బాగా పెరుగుతుంది కాబట్టి, వయసు తేడాను సర్దుబాటు చేసి లెక్కించిన నిష్పత్తిని పత్రంలో ఇచ్చారు. మనుషుల లెక్క సర్దుబాటు లేనిది, నిష్పత్తి సర్దుబాటు చేసినది. రెండూ నిజమే, కానీ రెండింటినీ ఒకే క్యాప్షన్‌లో పెడితే భాగించి చూసుకునే పాఠకుడు గందరగోళపడతాడు, లెక్క తప్పనుకుంటాడు. మనుషుల లెక్కను క్యాప్షన్‌లో ఉంచి, నిష్పత్తిని పత్రం లంకె ఉన్న చోట వదిలేయడం నా పద్ధతి. సర్దుబాటు చేశాక ఫలితం దిశ మారిపోయే పత్రాలలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ముడి అంకెలు ఇస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది, కాబట్టి సర్దుబాటు చేసిన ఫలితాన్నే మాటల్లో చెప్పి, ఏ తేడాను సర్దుబాటు చేశారో కూడా చెప్పాలి. ఇది ఏ రకం పత్రమో తేల్చడానికి పత్రం రాసినవారిని అడగడమే మార్గం.

మూడోది క్రియ. 'తగ్గిస్తుంది' అంటే ఎప్పుడూ, ఎక్కడైనా జరిగే విషయం చెప్పినట్టు. నిప్పు కాలుస్తుంది అన్నట్టు. 'తగ్గాయి' అంటే ఈ ట్రయల్‌లో, ఈ ఆసుపత్రుల్లో, ఈ రోగులలో జరిగినది చెప్పినట్టు. ఒక పత్రం నిజంగా చెప్పగలిగింది రెండోదే. కాబట్టి క్యాప్షన్‌లో ఫలితం చెప్పే క్రియ భూతకాలంలో ఉండాలి: మరణించారు, తగ్గాయి, కనిపించింది, కనిపించలేదు. విద్యార్థులు దీన్ని చిన్న విషయమనుకుంటారు. కానీ గైడ్‌లు 'తప్పు' అని కొట్టేసే క్యాప్షన్లలో చాలావాటిని క్రియ ఒక్కటి మార్చి ఒప్పించిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నాయి.

క్రియ విషయంలో ఇంకో మెట్టు కూడా ఉంది. డెక్సామెథాసోన్ వల్ల మరణాలు తగ్గాయి అని 'వల్ల' అన్న మాట వాడే హక్కు ఈ పత్రానికి ఉంది, ఎందుకంటే ఎవరికి మందు ఇవ్వాలన్నది డాక్టర్ల ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించారు. అలా కాకుండా, డాక్టర్లు తమకు తోచినవారికి మందు ఇచ్చిన పాత రికార్డులను తీసి లెక్కించి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. సహజంగానే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారికే స్టెరాయిడ్ ఇచ్చి ఉండేవారు. అప్పుడు స్టెరాయిడ్ పొందినవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించవచ్చు, మందు ప్రాణం తీస్తోందని తప్పుడు అర్థం వచ్చేది. రికార్డులు చూసి, సర్వే చేసి రాసిన పత్రాలకు క్యాప్షన్ రాసేటప్పుడు 'వల్ల' తీసేసి, 'ఈ అలవాటు ఉన్నవారిలో ఆ సమస్య ఎక్కువగా కనిపించింది' అని రాయాలి. మీ పత్రం ఏ కోవకు చెందుతుందో పద్ధతుల భాగంలో మొదటి పేరాలోనే ఉంటుంది. క్యాప్షన్ మొదలుపెట్టే ముందు ఆ పేరా చదవండి.

మూడో వరుస గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన పొరపాట్లలో అన్నిటికంటే మోసపూరితమైనది అక్కడే ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మామూలు చికిత్స గుంపున 14 శాతం, డెక్సామెథాసోన్ గుంపున దాదాపు 18 శాతం మరణించారు. మొదటి చిత్తుప్రతిని నేను వెనక్కి పంపినప్పుడు, కొందరు విద్యార్థులు ఈ వరుసను చూసి అటు కొసకు వెళ్లిపోతారు. 'ఆక్సిజన్ అవసరం లేనివారికి ఈ మందు ఇస్తే మరణాలు పెరుగుతాయి' అని రాసుకొస్తారు. అంకెలు చూస్తే అలాగే ఉంది కదా అంటారు.

పత్రంలో ఆ వరుస చివర ఉన్న అంతరాన్ని చూడాలి. నిష్పత్తి 1.19, దాని 95 శాతం విశ్వాస అంతరం 0.92 నుంచి 1.55 వరకు. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఈ వరుసలో కనిపించిన తేడా మరణాలు 8 శాతం తగ్గడానికీ సరిపోతుంది, 55 శాతం పెరగడానికీ సరిపోతుంది. మధ్యలో 1 ఉంది, అంటే అసలు తేడా లేకపోవడానికీ సరిపోతుంది. కాబట్టి 'పెరుగుతాయి' అనలేం. అలాగని 'హాని లేదు' అనీ అనలేం, ఎందుకంటే అంతరంలో ఎక్కువ భాగం హాని వైపే ఉంది. 'హాని లేదు' అన్నదీ 'హాని చేస్తుంది' అన్నదీ రెండూ ఈ పట్టిక చెప్పని మాటలే. పట్టిక చెప్పింది ఇంతే: మేలు కనిపించలేదు, హాని జరిగే అవకాశాన్ని కొట్టిపారేయలేం. క్యాప్షన్‌లో అంతరం అంకెలు పెట్టనక్కర్లేదు. ఆ అంతరానికి సరిపోయే క్రియ పెడితే చాలు. 'కనిపించలేదు' అన్న క్రియ ఆ పని చేస్తుంది. 'లేదు' అన్నది చేయదు.

ఇంకో చిన్న విషయం కూడా ఈ వరుసల్లోనే ఉంది. పై వరుసలోని 29నూ కింది వరుసలోని 18నూ పోల్చి, వెంటిలేటర్ వల్లే ఎక్కువ మంది పోయారని చదివినవారిని చూశాను. పోలిక ఎప్పుడూ ఒకే వరుసలో ఎడమకూ కుడికీ జరగాలి, పైకీ కిందికీ కాదు. వెంటిలేటర్ దాకా వెళ్లినవారి జబ్బు తీవ్రతే వేరు. పైగా ఈ ట్రయల్‌లో వారి సగటు వయసు ఆక్సిజన్ అవసరపడనివారి కంటే పదేళ్లు తక్కువ. క్యాప్షన్ మీద గ్రాఫ్ పెడుతుంటే, ఒక్కో వరుసకు రెండు కడ్డీల చొప్పున జంటలుగా, జంటల మధ్య ఎడం వదిలి గీయించండి.

ఈ జాగ్రత్త మన దగ్గర ఎందుకు అంత అవసరమో 2021 చూసినవారికి చెప్పనక్కర్లేదు. రెండో వేవ్‌లో ఆక్సిజన్ స్థాయి బాగానే ఉన్నవారు కూడా ఇంట్లోనే, డాక్టర్ చూడకుండానే, స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవడం మనం చూశాం. ఆ ఏడాది మే నెలలో బ్లాక్ ఫంగస్ కేసులు పెరిగి, దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించమని కేంద్రం రాష్ట్రాలను కోరింది. అదుపులో లేని మధుమేహంతో పాటు విచక్షణ లేని స్టెరాయిడ్ల వాడకం కూడా ఆ ఫంగస్‌కు దారితీసిన కారణాల్లో ఒకటని వైద్యులు చెప్పారు. అదంతా క్యాప్షన్ల వల్లే జరిగిందని నేను అనను. కానీ 2020 జూన్ 16న ఆక్స్‌ఫర్డ్ వారు ఫలితాన్ని మొదట ప్రకటించినప్పుడు, ఆసుపత్రిలో ఉండి తీవ్రమైన శ్వాస ఇబ్బంది పడుతున్నవారిలో అన్న హద్దు ఆ ప్రకటన శీర్షికలోనే ఉంది. మనదాకా వచ్చేసరికి చవకైన మందు, కోవిడ్, మూడోవంతు అన్న మూడు మాటలే చాలామందికి గుర్తున్నాయి. హద్దు దారిలో రాలిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సెప్టెంబరులో ఇచ్చిన సూచనలు కూడా ఇదే హద్దు మీద నిలబడ్డాయి: జబ్బు తీవ్రంగా ఉన్నవారికి స్టెరాయిడ్ ఇవ్వమని గట్టిగా చెబుతూనే, తీవ్రత లేనివారికి వాడవద్దని సూచించింది.

ఇప్పుడు రెండో రకం చిత్తుప్రతి సంగతి. ఇది సాధారణంగా గైడ్ గారు దిద్దిన తర్వాత వస్తుంది:

"ఆసుపత్రిలో చేరిన కోవిడ్-19 రోగులపై నిర్వహించిన యాదృచ్ఛిక నియంత్రిత బహిరంగ ప్రయోగంలో, ఇన్వేజివ్ మెకానికల్ వెంటిలేషన్ పొందుతున్న ఉపసమూహంలో వయోసర్దుబాటు మరణ నిష్పత్తి 0.64గా నమోదైంది."

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ దీన్ని చదివి మా గ్రంథాలయం పెద్దాయన ఏమీ చెప్పలేకపోయారు. గైడ్ గారికి తెలిసిన పదాలన్నీ ఇందులో ఉన్నాయి కాబట్టి ఆయనకు భరోసాగా ఉంటుంది. మీరు ఆయన దగ్గరికి వెళ్లి 'ఇది జనానికి అర్థం కాదు సార్' అని మాత్రమే అంటే పని జరగదు. ఆయన వాక్యంలోని ఒక్కో మాట మీ వాక్యంలో ఎక్కడ ఉందో చూపించండి. యాదృచ్ఛిక నియంత్రిత అన్నది 'వల్ల' అన్న మాటలో ఉంది. ఉపసమూహం అన్నది 'వెంటిలేటర్ పెట్టినవారిలో' అన్నచోట ఉంది. నిష్పత్తి చెప్పే తేడా 41, 29 అన్న అంకెల్లో ఉంది. ఇలా ఒక్కో మాట కింద గీత గీసి చూపించినప్పుడు ఒప్పుకోని ఆచార్యులు నాకు చాలా అరుదుగా తగిలారు.

గౌరవం విషయంలోనూ ఒక మాట. మన విభాగాల్లో క్యాప్షన్ మొదటి రెండు పంక్తులు ఆచార్యుల పేర్లు, హోదాలు, 'గారి నేతృత్వంలో', 'ప్రతిష్ఠాత్మక అంతర్జాతీయ జర్నల్‌లో' అన్న వాటితోనే నిండిపోతాయి. ఫోన్‌లో చూసేవారికి ఆ రెండు పంక్తులే కనిపిస్తాయి, ఫలితం 'మరింత చదవండి' వెనక్కి వెళ్లిపోతుంది. పేర్లు తీసేయమని అడగకండి, అడిగితే ఎవరికైనా బాధ కలుగుతుంది. వాటికి క్యాప్షన్ కింద సొంతంగా ఒక పంక్తి కేటాయించి, అక్కడ అందరి పేర్లూ, మీ పేరుతో సహా, వరుసగా రాయండి. పరిశోధక విద్యార్థుల పేర్లు కూడా ఆ పంక్తిలో చేరడం చూసి మా విభాగంలో పెద్దలే ఈ మార్పును ముందుగా ఇష్టపడ్డారు.

ఇవన్నీ కలిపి ఈ పత్రానికి నేను ఖాయం చేసే క్యాప్షన్ ఇది:

"ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో, ఆక్సిజన్ గానీ వెంటిలేటర్ గానీ అవసరమైనవారికే డెక్సామెథాసోన్ వల్ల మరణాలు తగ్గాయి, అవి అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. వెంటిలేటర్ పెట్టినవారిలో మామూలు చికిత్స పొందిన ప్రతి 100 మందిలో 41 మంది 28 రోజుల లోపు మరణించగా, ఈ మందు కూడా పొందిన ప్రతి 100 మందిలో 29 మంది మరణించారు. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారిలో ఆ సంఖ్యలు 26, 23."

మొదటి వాక్యాన్ని మాత్రమే కత్తిరించి పంపినా ఎవరికీ తప్పు సమాచారం వెళ్లదు. రెండో వాక్యాన్ని మాత్రమే పంపినా, 'వెంటిలేటర్ పెట్టినవారిలో' అని మొదలవుతుంది కాబట్టి జ్వరంతో ఇంట్లో ఉన్నవారు అది తమ గురించి అనుకోరు. ఏ వాక్యం విడిగా పోయినా దాని హద్దు దానితోనే పోవాలి. మూడో వాక్యం ఒంటరిగా పోతే అర్థం కాదు, అంతే తప్ప ఎవరినీ తప్పుదారి పట్టించదు, కాబట్టి దాన్ని పొట్టిగా వదిలేశాను.

దీన్ని పరీక్షించడానికి 'అర్థమైందా' అని అడగకండి. అందరూ అయిందనే అంటారు. పని చేయించే ప్రశ్న అడగండి. నేను పెద్దాయనను అడిగింది: "మీ ఇంట్లో ఎవరికైనా కోవిడ్ వచ్చి జ్వరం మాత్రమే ఉంటే, ఈ మాత్రలు కొంటారా?" మొదటి చిత్తుప్రతి విన్నప్పుడు ఆయన కొంటానన్నారు. చివరిది విన్నప్పుడు, "ఆక్సిజన్ పెట్టేదాకా వస్తే డాక్టరే ఇస్తాడు కదండీ, మనం కొనేదేముంది" అన్నారు. మీ పత్రం వైద్యానిది కాకపోయినా ఇలాంటి ప్రశ్న ఒకటి తయారు చేసుకోవచ్చు. ఒక వరి రకం గురించి అయితే, ఈ క్యాప్షన్ చదివి వచ్చే ఖరీఫ్‌లో మీ పొలంలో వేస్తారా అని అడగండి. జవాబు పత్రం ఒప్పుకునేదైతే క్యాప్షన్ సరిపోయినట్టు.

చివరగా తేదీ. రికవరీ వారు జూన్‌లో ఫలితం ప్రకటించినప్పుడు నిష్పత్తులు వెంటిలేటర్ గుంపుకు 0.65, ఆక్సిజన్ గుంపుకు 0.80. పత్రంగా అచ్చయినప్పుడు అవి 0.64, 0.82. మార్పు చిన్నదే, దిశ మారలేదు. కానీ ప్రతి పత్రం విషయంలోనూ అంత అదృష్టం ఉండదు. పత్రం ఇంకా సమీక్ష కాకముందే క్యాప్షన్ పెట్టాల్సి వస్తే, కింద 'సమీక్షకు ముందు ప్రతి ఆధారంగా' అని రాసి తేదీ వేయండి. పత్రం అచ్చయిన రోజున పట్టిక పక్కన పెట్టుకుని ఒక్కో అంకెనూ మళ్లీ సరిచూసి, తేదీ మార్చండి. ఈ రెండో పనిని ఎవరు చేయాలో క్యాప్షన్ పెట్టిన రోజే పేరుతో సహా నోటీసు రిజిస్టర్‌లో రాసి పెట్టుకుంటే, మీరు పట్టా తీసుకుని వెళ్లిపోయాక కూడా ఆ పని ఆగదు.